జిడ్డు మొహం, మొటిమలు: వైజాగ్ ఉక్కపోతలో జెల్ సన్‌స్క్రీనా, క్రీమా?

గాజువాక_స్కూటీ: అందరికీ నమస్కారం. బాగా జిడ్డు చర్మం, నుదురు, గడ్డం మీద మొటిమలు. రాత్రిపూట డాక్టర్ రాసిన అడాపలీన్ వాడుతున్నా. ఉదయం 8.30కి గాజువాక నుంచి స్కూటీ మీద సిరిపురం, ఒంటిగంటకి భోజనానికి బయటికి, మళ్లీ 4కి తిరుగు ప్రయాణం. జెల్ కొనాలా, క్రీమ్ కొనాలా? డబ్బా మీద బ్రాడ్ స్పెక్ట్రం అని ఉంటే చాలా, పీఏ కూడా చూడాలా? జిడ్డు మొహం మీద మధ్యలో మళ్లీ ఎలా రాయాలి?

మందులకొట్టు_జగదాంబ: ఏళ్లుగా కౌంటర్‌లో ఉన్నాను, సూటిగా చెప్తా. మొటిమలున్నవాళ్లు క్రీమ్ జోలికి పోవద్దు, జెల్ తీసుకోండి. ఎస్‌పీఎఫ్ 50, యూవీఏ కిరణాల్ని ఎంత ఆపుతుందో చెప్పే పీఏ++++ రెండూ ఉండాలి. పీఏ లేని ట్యూబు ఎంత ఖరీదైనదైనా దండగే.

ఉక్కునగరం: నాది ఎండలో నిలబడి చేసే పని, తలకి హెల్మెట్. జెల్ రాస్తే చెమటతో కలిసి కళ్లలోకి కారి మండిపోతోంది. దీనికి మందేటి?

ఫార్ములా_బెంచ్: అదే అసలు విషయం. జెల్ అన్న పేరుతో రెండు వేర్వేరు సరుకులు అమ్ముతారు. ఒకటి నీటి జెల్. దానికి చిక్కదనం తెచ్చేది చాలాసార్లు కార్బోమర్. దానికి ఉప్పు పడదు, చెమట తగిలితే పలచబడి జారిపోతుంది. రెండోది సిలికోన్ జెల్. రాయగానే పొడిపొడిగా, నున్నగా ఉంటుంది, చెమటకి కొంత ఆగుతుంది. చేతి మీద కొంచెం రాసి నీటి చుక్క వేసి వేలితో రుద్ది చూడండి. కలిసిపోయి జారితే నీటి జెల్, నీళ్లు పూసల్లా నిలిస్తే సిలికోన్. ఎండలో నిలబడే పనికి ట్యూబు మీద వాటర్ రెసిస్టెంట్, పక్కన 40 లేక 80 నిమిషాలు అని ఉన్నదే తీసుకోండి. కనుబొమల పైన, కళ్ల చుట్టూ మాత్రం జింక్ ఆక్సైడ్ స్టిక్ రాయండి, మంట చాలామటుకు తగ్గుతుంది.

క్రీమ్ అన్నంత మాత్రాన మొటిమలు వస్తాయన్నది కూడా తప్పే. నూనె తక్కువ వేసి పలచగా చేసిన క్రీమ్‌లు చాలా ఉన్నాయి. అడాపలీన్ వాడేవాళ్లకి చర్మం పొడిబారి ఉంటుంది. ఆల్కహాల్ ఎక్కువున్న జెల్ రాస్తే చురుక్కుమంటుంది, ఎర్రబడుతుంది. అలాంటప్పుడు పలచటి క్రీమే నయం.

మందులకొట్టు_జగదాంబ: జింక్ స్టిక్ రాస్తే మొహం తెల్లగా బూడిద పూసినట్టు ఉంటుంది. నా మాట మీద నిలబడతా: పీఏ లేనిది వద్దు.

రుషికొండ_రన్నర్: పీఏ గుర్తు జపాన్ పద్ధతి అండీ. యూరప్ నుంచి వచ్చే ట్యూబుల మీద అది ఉండకపోవచ్చు, గుండ్రటి గీతలో యూవీఏ అని ఉంటుంది. అంతమాత్రాన అవి దండగా? కౌంటర్‌లో కూర్చుని జనాన్ని భయపెట్టకండి.

మందులకొట్టు_జగదాంబ: భయపెట్టడం ఏమిటి? కొనేవాడికి నాలుగు ప్లస్సులు కనబడితే అర్థమవుతుంది. గుండ్రటి గీత ఎవడికి తెలుసు?

ఫార్ములా_బెంచ్: తెలియకపోతే చెప్పుకుందాం, గొడవ ఎందుకు. గుండ్రంలో యూవీఏ అంటే, ఆ రక్షణ ఎస్‌పీఎఫ్‌లో కనీసం మూడో వంతు ఉందని. ఎస్‌పీఎఫ్ 50కి మూడో వంతు పదహారు పైమాటే. జపాన్ లెక్కలో నాలుగు ప్లస్సులు మొదలయ్యేది 16 దగ్గరే. అంటే గుండ్రం ఉన్న 50, పీఏ++++ దాదాపు సమానం. అదే గుండ్రం 30 మీద ఉంటే కనీస హామీ 10. అది మూడు ప్లస్సుల మెట్టు, 8 నుంచి 16 లోపు.

ఇక ఉత్త బ్రాడ్ స్పెక్ట్రం అనే మాట. అమెరికా పద్ధతిలో దానర్థం రక్షణ 370 నానోమీటర్ల దాకా విస్తరించి ఉందని. ఎంత వెడల్పో చెప్తుంది, ఎంత బలమో చెప్పదు. కాబట్టి ఆ ఒక్క మాటే ఉండి, పీఏ గానీ గుండ్రం గానీ లేకపోతే వెనక్కి తిప్పి పదార్థాలు చూడండి. బెమోట్రిజినాల్ లేదా జింక్ ఆక్సైడ్ కనిపిస్తే కొంత ధైర్యం. అవోబెంజోన్ ఉండి పక్కనే ఆక్టినోక్సేట్ ఉంటే జాగ్రత్త. ఆ రెండూ కలిస్తే ఎండలో అవోబెంజోన్ త్వరగా పాడవుతుంది.

మందులకొట్టు_జగదాంబ: సరే, గుండ్రం విషయం ఒప్పుకుంటా. జనం మాత్రం ప్లస్సులే అడుగుతారు.

చినవాల్తేరు_అమ్మ: మా అమ్మాయికి మొటిమలు తగ్గినచోట నల్ల మచ్చలు మిగిలాయి. పసుపు, ముల్తానీ మట్టి పెట్టొచ్చా? ఎండ పడకుండా సన్‌స్క్రీన్ రాస్తున్నా మచ్చలు పోవట్లేదు.

రుషికొండ_రన్నర్: అమ్మా, ముందు ఎంత రాస్తోందో చూడండి. చాలామంది బఠాణీ గింజంత రాసి సరిపోయిందనుకుంటారు. చూపుడువేలు, మధ్యవేలు నిలువునా రెండు గీతలు పిండితే మొహానికీ మెడకీ సరి. అది ఒక గ్రాము పైమాటే. రోజుకి రెండుసార్లు రాస్తే 50 గ్రాముల ట్యూబు నెల కూడా రాకూడదు. మూడు నెలలు వస్తోందంటే ఎస్‌పీఎఫ్ 50 రాస్తున్నట్టు కాదు, ఎందుకంటే ఆ అంకె పరీక్షలో చదరపు సెంటీమీటరుకి 2 మిల్లీగ్రాములు రాసి కొలిచింది.

ఫార్ములా_బెంచ్: అంత ఒకేసారి రాస్తే జిడ్డు మొహం మీద ఉండలు కడుతుంది. ఒక వేలంత రాసి, రెండు మూడు నిమిషాలు ఆగి, రెండో వేలంత రాయండి. రుద్దకుండా అద్దండి. కింద మాయిశ్చరైజర్ అక్కర్లేకపోతే మానేయండి. నీటి సీరం మీద సిలికోన్ జెల్ వెంటనే రాస్తేనే ఎక్కువగా ఉండలు కట్టేది.

అమ్మగారికి: చామనఛాయ చర్మంలో మచ్చలు నల్లబడటానికి కంటికి కనిపించే వెలుగు కూడా కారణమే. మామూలు పారదర్శక జెల్ దాన్ని పెద్దగా ఆపలేదు. ఐరన్ ఆక్సైడ్ కలిపిన రంగు సన్‌స్క్రీన్ వాడి చూడండి. ముల్తానీ మట్టి వద్దు, పొడిబారిన చర్మం ఇంకా మండుతుంది.

చినవాల్తేరు_అమ్మ: రంగుది మా అమ్మాయి ఛాయకి నప్పదు, నారింజ రంగులో కనబడుతుంది.

గాజువాక_స్కూటీ: అందరికీ ధన్యవాదాలు, కానీ మధ్యాహ్నం మళ్లీ రాయడం గురించి ఎవరూ చెప్పలేదు.

మందులకొట్టు_జగదాంబ: పౌడర్ సన్‌స్క్రీన్ అద్దుకోండి, చిటికెలో అయిపోతుంది.

ఫార్ములా_బెంచ్: పౌడర్ జిడ్డు తగ్గిస్తుంది కానీ, రక్షణకి కావలసినంత పొడి మొహాన పడదు. దాని మీదే ఆధారపడొద్దు. రెండు గంటలకోసారి అన్నది బయట ఎండలో ఉండేవాళ్ల లెక్క. కిటికీకి దూరంగా ఏసీలో కూర్చున్నవాళ్లకి అంత అక్కర్లేదు. మీ విషయంలో ఇలా చేయండి. ఉదయం 8.10కి రెండు వేళ్లు, రెండు విడతలుగా. ఒంటిగంటకి బయటికెళ్లే ముందు టిష్యూతో జిడ్డు, చెమట అద్ది తీయండి, తుడవొద్దు. మొహం కడగక్కర్లేదు. ఒక వేలంత రాసి ఆరాక, ముక్కు, బుగ్గలు, నుదురు మీద ఇంకొంచెం. 3.45కి మళ్లీ అదే పద్ధతి. డిసెంబరులో మన దగ్గర ఐదున్నర అటూఇటుగా పొద్దు కుంకుతుంది కాబట్టి చలికాలం మూడోసారి తక్కువ రాసినా నష్టం లేదు. మే నెలలో మానొద్దు. హెల్మెట్ స్పాంజి నుదుటిని రుద్దేచోట మాత్రం పొర ఊడిపోతుంది, దిగాక అక్కడ మళ్లీ అద్దండి. ఆ స్పాంజి ఉతక్కపోయినా నుదుట మొటిమలొస్తాయి, నేరం సన్‌స్క్రీన్ మీద పడుతుంది.

ఉక్కునగరం: సన్‌స్క్రీన్ వల్లే వచ్చాయని ఎలా తెలుస్తుంది మరి?

ఫార్ములా_బెంచ్: రాసిన కొన్ని గంటల్లో మంట, ఎరుపు వస్తే అది చర్మానికి పడకపోవడం. రంధ్రాలు మూసుకుని వచ్చే తెల్ల మొటిమలకి వారాలు పడుతుంది. నుదుటి మీద ఒకే సైజులో దురద పెట్టే చిన్న పొక్కులైతే ఫంగస్ కావచ్చు, డాక్టర్‌కి చూపించాలి, మొటిమల మందుతో తగ్గవు.

రుషికొండ_రన్నర్: రాత్రి కడగడం సంగతో? వాటర్ రెసిస్టెంట్‌ది ఒక్క ఫేస్‌వాష్‌తో పోదు. నేను ముందు క్లెన్సింగ్ ఆయిల్, తర్వాత ఫేస్‌వాష్ అంటా.

మందులకొట్టు_జగదాంబ: జిడ్డు మొహానికి ఆయిలా? ఇది మాత్రం నేను ఒప్పుకోను.

రుషికొండ_రన్నర్: నీళ్లు కలిపితే పాలలా తెల్లబడి కడిగేయగానే పోయే రకం అండీ, తలకి రాసే కొబ్బరినూనె కాదు.