‘నొక్కపోలిక’లో న తీసేయొచ్చా?

బోడుప్పల్ టీచరమ్మ: అందరికీ నమస్కారం. మా బళ్లో ఒక పిల్లాడు వేమన పద్యం చక్కగా చదివితే వీడియో తీశాను. ఎక్స్‌లో పెడదామని ఇలా రాసుకున్నాను.

ఉప్పు కప్పురంబు నొక్కపోలికనుండు🧂
చూడ చూడ రుచుల జాడ వేరు👀
పురుషులందు పుణ్య పురుషులు వేరయా🙏
విశ్వదాభిరామ వినుర వేమ

ఉప్పు, కర్పూరం చూడటానికి ఒకేలా ఉంటాయి. నోట్లో వేసుకుంటేనే తేడా తెలుస్తుంది. మనుషుల్లోనూ అంతే, మంచివాళ్లు వేరుగా ఉంటారు.

#వేమన #తెలుగుపద్యం #హైదరాబాద్

దీని కింది లైన్లో వీడియో లింకు. అంతా కలిపితే పక్కన ఎర్రగా -11 అని చూపిస్తోంది. చిన్నప్పుడు నేను ‘ఒక్కపోలిక’ అనే విన్నట్టు గుర్తు. అదే సరైనదైతే న పోయి ఒకటి కలిసొస్తుంది. ‘జాడ’ బదులు 📍 పెడితే ఇంకొకటి. పండితులు చెప్పాలి.

వనస్థలిపురం: న తీస్తే యతి పోతుందమ్మా. ఆటవెలదిలో నాలుగో గణం మొదటి అక్షరం యతిస్థానం, అక్కడున్నది ఆ ‘నొ’యే. ముట్టుకోవద్దు.

నల్లకుంట మాస్టారు: స్థానం సరిగ్గానే చెప్పారు, కారణం మాత్రం తప్పు. మొదటి అక్షరం ఉ. దానికి యతి కుదిరింది నొలో ఉన్న ఒకారంతో, నకారంతో కాదు. న తీసేసి ‘ఒక్క’ అన్నా ఉ-ఒ మైత్రి చెక్కుచెదరదు. గణం కూడా మారదు, ‘ఒక్కపో’ అన్నా ‘నొక్కపో’ అన్నా రగణమే. చెడేది సంధి. ‘కప్పురంబు ఒక్క’ అని పాదం మధ్యలో అచ్చు విడిగా నిలబడితే పద్యం తడబడుతుంది.

ఇక జాడ సంగతి. టీచర్ గారూ, రెండో పాదంలో చూకీ జాకీ యతి లేదు. ఆ పాదాన్ని నిలబెట్టేది ప్రాసయతి, చూడ-జాడలో రెండో అక్షరం డ. అక్కడ 📍 పెడితే పాదానికి నడుం విరిగినట్టే.

వనస్థలిపురం: ఒప్పుకున్నాను. కానీ ఆ న సంధి కోసం వచ్చింది కాదనే నా అభిప్రాయం. ‘ఉప్పును కప్పురంబును’ అనే సముచ్చయం అది. తీస్తే ‘కూడా’ అనే అర్థం పోతుంది.

నల్లకుంట మాస్టారు: సముచ్చయమే అయితే ఉప్పు దగ్గర ఎందుకు లేదు?

వనస్థలిపురం: ఛందస్సు ఒప్పుకోలేదు కనుక. వేమన అంత లెక్కలు కట్టుకుని చెప్పాడంటారా? బ్రౌన్ దొర 1829లో అచ్చు వేయించే దాకా అవి జనం నోళ్లలోనూ తాటాకుల మీదా తిరిగినవే కదా.

కూకట్‌పల్లి: సార్, ఇది ఛందస్సు సమస్య కాదు. ఎక్స్‌లో తెలుగు అక్షరాన్ని రెండుగా లెక్కేస్తారు. అందుకే మనకి 280 కాదు, 140యే.

మల్కాజిగిరి: రెండుగా లెక్కేసేది చైనీస్, జపనీస్, కొరియన్ లిపుల్ని బాబూ. తెలుగుకి ఒకటే. కాకపోతే మనం అక్షరం అనుకునేదాన్ని అది అక్షరం అనుకోదు. గుణింతం గుర్తు విడిగా ఒకటి, పొల్లు విడిగా ఒకటి, సున్న ఒకటి. ‘ప్పు’ చూడ్డానికి ఒక్కటే, లెక్కలో ప, పొల్లు, ప, కొమ్ము కలిసి నాలుగు. అందుకే నోటితో పొట్టిగా అన్నది అక్కడ పొడుగవుతుంది. ‘హైదరాబాద్’ తొమ్మిది. మనం అలవాటుగా ‘హైద్రాబాద్’ అంటే పది!

టీచర్ గారి పోస్టు లెక్క పెట్టాను. పద్యం లైన్ల విరుపులతో కలిపి 109, వివరణ 119, హాష్‌ట్యాగులు 29, మధ్య రెండు ఖాళీ లైన్లకి 4. లింకు ఎంత పొడుగైనా 23, దాని ముందు విరుపుకి 1. ఎమోజీ ఒక్కొక్కటి 2, మూడింటికి 6. మొత్తం 291.

కూకట్‌పల్లి: అయితే పైకి కనబడనివి తీసేద్దాం. నేను ‘హైదరాబాద్‌లో’ అని రాస్తే 12 వస్తోంది, వేళ్లమీద లెక్కేస్తే 11యే.

మల్కాజిగిరి: ఆ కనబడనిదే ద్, లో అతుక్కోకుండా ఆపుతోంది. తీసి చూడు, ‘హైదరాబాద్లో’ అయి ల వత్తుగా కిందికి దిగుతుంది. ఒకటి మిగిల్చి పదం పాడు చేసుకోవడమే.

మెహదీపట్నం బాబాయి: మా కాలంలో ఈ గొడవంతా ఎస్సెమ్మెస్‌లో పడ్డాం. ఇంగ్లీషుకి 160, తెలుగు రాస్తే 70. కవి సమ్మేళనం పిలుపు 74 వచ్చిందని తెలియక మూడొందల మందికి పంపాను, ఒక్కొక్కరికీ రెండు మెసేజీల డబ్బు పోయింది. నాలుగు అక్షరాలకి! అప్పుడు నాకూ తోచలేదు, ‘విచ్చేయవలసిందిగా’ తీసేసి ‘రండి’ అంటే సరిపోయేదని.

అంబర్‌పేట అమ్మమ్మ: ఏమ్మా, కర్పూరం నోట్లో వేసుకోమని పిల్లలకి రాస్తావా? హారతి కర్పూరం మింగితే ప్రమాదం. తినేది పచ్చకర్పూరం, అదీ చిటికెడే. ముందు ఆ మాట మార్చు.

బోడుప్పల్ టీచరమ్మ: అయ్యో, నిజమే అమ్మమ్మగారూ. ‘రుచిలోనే తేడా తెలుస్తుంది’ అని మార్చాను. ఆశ్చర్యం, ఒక్క దెబ్బకి పది తగ్గింది! ఇప్పుడు -1.

మల్కాజిగిరి: ‘నోట్లో వేసుకుంటేనే’ 18, ‘రుచిలోనే’ 8. ఎప్పుడైనా వివరణలోనే కోయాలి, పద్యంలో కాదు. ఇంకో మాట. పోస్టు ఫోన్‌లో చూశారా? మొదటి పాదం పొడుగు, ‘నొక్కపోలికనుండు’ మధ్యలో ఖాళీ లేదు. ఫాంటు పెద్దగా పెట్టుకున్నవాళ్లకి ఆ మాట మొత్తం కింది లైనుకి పడిపోతుంది. ఇంకొకరి ఫోన్‌లో మాట నిలిచి 🧂 ఒక్కటే కిందికి జారుతుంది. ఖాళీ లేకుండా అంటించినా ఎమోజీ ముందు లైను తెగడానికి వీలుంది. దాన్ని వివరణ మొదట్లోకి తెండి, ‘🧂ఉప్పు, కర్పూరం’ అని. లెక్క మారదు.

కూకట్‌పల్లి: మా నాన్నకి చూపు లేదు, ఫోనే చదివి వినిపిస్తుంది. పాదం చివర ఎమోజీ వస్తే దాని పేరు కూడా చదువుతుంది. ‘రుచుల జాడ వేరు కళ్లు’ అన్నట్టు వినబడుతుంది సార్.

వనస్థలిపురం: చూశారా, ప్రాసయతి తర్వాత కళ్లు!

బోడుప్పల్ టీచరమ్మ: 👀 తీయబుద్ధి కావట్లేదు, పిల్లలకి అదే ఇష్టం. కానీ ఆ నాన్నగారి కోసం మూడూ వివరణలోకి తెస్తాను. అయినా ఇంకా ఒకటి ఎక్కువే. ‘రుచిలోనే’లో నే తీస్తే రెండు పోతాయి కదా?

నల్లకుంట మాస్టారు: తీయకండి. చూపులో లేని తేడా రుచిలోనే ఉందన్నది పద్యం. ఆ ఏకారం పోతే అందులో ఉప్పు పోయినట్టే.

వనస్థలిపురం: ఏకారానికి అంత బలం ఉంటే, నకారానికి సముచ్చయ బలం ఎందుకు ఉండకూడదో మాస్టారు చెప్పాలి.

మల్కాజిగిరి: పొడుగు మాట విడిపోవాలంటే ‘నొక్క పోలిక నుండు’ అని రాసుకోవచ్చు, కానీ రెండు ఖాళీలకి రెండు ఖర్చు.

నల్లకుంట మాస్టారు: విడదీస్తే ఈ కాలం పిల్లలు ‘పోలిక నుండి’ అని చదువుతారు. వద్దు.

కూకట్‌పల్లి: చివరి వాక్యం తర్వాత చుక్క తీసేయండి టీచర్, 280.

బోడుప్పల్ టీచరమ్మ: తీశాను, పోస్టు వెళ్లింది. నా ఫోన్‌లో ‘నొక్కపోలికనుండు’ కింది లైన్లో పడింది, కానీ పక్కన ఎమోజీ లేదు కాబట్టి మరీ ఎబ్బెట్టుగా లేదు. పిల్లాడు మాత్రం వీడియోలో ‘వినురా వేమా’ అన్నాడు.

నల్లకుంట మాస్టారు: ‘వినురా’ అంటే సూర్యగణం కాదు. ట్యాంక్‌బండ్ మీద వేమన విగ్రహం దగ్గరికి తీసుకెళ్లి మళ్లీ చదివించండి. వనస్థలిపురం వారూ, ఆ న విషయం ఇంకా తేలలేదు.