అప్‌డేట్: ద్రవ్య సరఫరా లెక్కకు మార్కులు కలిశాయి

నా ప్రశ్న: "ద్రవ్య సరఫరా కొలత అయిన ఎం1 లెక్కలో బ్యాంకుల మధ్య డిపాజిట్లు తీసేసినందుకు మార్కులు పోయాయి. మళ్లీ చూడమని మేడమ్‌కు ఉత్తరం ఎలా రాయాలి?"

అప్‌డేట్: గుంటూరులో మా కాలేజీకి వెళ్లి ఉత్తరం స్వయంగా ఇచ్చాను. బతిమాలలేదు, లెక్క మాత్రమే రాశాను:

"మేడమ్, ప్రజల వద్ద కరెన్సీ 500 కోట్లు, డిమాండ్ డిపాజిట్లు 300 కోట్లు, రిజర్వు బ్యాంకు వద్ద ఇతర డిపాజిట్లు 10 కోట్లు అని ఇచ్చారు. ఆ 300లో 40 కోట్లు ఒక బ్యాంకు మరో బ్యాంకులో ఉంచినవి. అవి ప్రజల డబ్బు కావు కనుక నికర డిపాజిట్లు 260 మాత్రమే కలిపాను. మొత్తం 770 కోట్లు. దయచేసి పరిశీలించగలరు."

పేపర్లు దిద్దడానికి వాడిన జవాబులో 810 ఉంది, అంటే ఆ 40 తీసేయలేదు. మేడమ్ అక్కడికక్కడే మార్కులు కలిపారు. 770 రాసిన మిగతావారి పేపర్లూ చూస్తానన్నారు. నాకు అదే ఎక్కువ సంతోషం.