బ్యాక్‌హో లోడర్ కొనాలా, అద్దెకు తీసుకోవాలా? ఎండీ గారికి ఇచ్చే నోట్ చూసి చెప్పండి

క్రషర్_అకౌంట్స్
చిత్తు నోట్ ఇది:
"కొనుగోలు ధర జీఎస్టీ క్రెడిట్ పోను 30 లక్షలు. ఐదేళ్లకు 14 లక్షలకు అమ్ముడుపోతుందని అంచనా. ఏడాదికి విలువ తగ్గుదల 3.2 లక్షలు, వడ్డీ 2.2, ఆపరేటర్ జీతం 3, బీమా వగైరా 0.6, మొత్తం 9 లక్షలు. సర్వీసు, టైర్లు గంటకు 150. అద్దె ఆపరేటర్‌తో కలిపి గంటకు 900. డీజిల్ ఎలాగైనా మనదే. నెలకు 100 గంటలు దాటితే కొనడమే లాభం. మన వాడకం 140 గంటలు. అనుమతి కోరుతున్నాము."
ఇంకేం చేర్చాలి?

పన్నుల_మూర్తి
అద్దె మొత్తం అదే ఏడాది ఖర్చులోకి పోతుంది. కొంటే తరుగుదల 15 శాతమే, 180 రోజుల లోపు వాడితే అందులో సగం. అద్దే మేలు, ఆలోచించక్కర్లేదు.

విజయనగరం_ట్రేడర్
అసలు జీఎస్టీ క్రెడిట్ వస్తుందా? మా కంపెనీ కారుకు రాలేదు.

సైట్_సూపర్‌వైజర్
కారు సంగతి వేరండి, మట్టి తవ్వే యంత్రానికి వస్తుంది. క్రషర్ గారూ, ఆ 140 ఎక్కడిది? అవర్ మీటరుదా? టిప్పర్ కోసం ఎదురుచూస్తూ బండి ఐడ్లింగ్‌లో ఉన్నా మీటర్ తిరుగుతుంది. మా సైట్లో ఇంజిన్ ఆపించడం మొదలుపెట్టాక బిల్లు బాగా తగ్గింది. మీకూ తగ్గి 95కి వస్తే నోట్ తలకిందులవుతుంది.

నల్గొండ_మెషిన్_ఓనర్
ఐడ్లింగ్‌కు డబ్బులివ్వరా? నా ఆపరేటర్ ఎండలో కూర్చునేది ఊరికేనా? టిప్పర్లు సమయానికి పంపడం మీ పని.

సైట్_సూపర్‌వైజర్
ఊరికే అని నేనెక్కడన్నాను? ట్రిప్ షీట్‌లో పది లోడ్లుంటే మీటర్‌లో ఆరు గంటలెలా వస్తాయి? అది చెప్పండి ముందు.

నల్గొండ_మెషిన్_ఓనర్
రాయి గట్టిగా ఉంటే వస్తాయి! ఏసీ రూములో లెక్కలేస్తే ఏం తెలుస్తుంది?

సైట్_సూపర్‌వైజర్
నేనుండేది గుంతలో సార్, ఏసీలో కాదు.

ఫ్లీట్_శేషు
ఇరవై ఏళ్లుగా మెషిన్ల ఒప్పందాలు రాస్తున్నాను, నా మాట వినండి. మూర్తి గారు, కొన్నా వడ్డీ ఖర్చులోకే పోతుంది, మిగిలిన తరుగుదల తర్వాతి ఏళ్లలో వస్తుంది. పన్ను ముందా వెనకా అన్నదే తేడా. నోట్‌లో లేనిది మినిమం గంటల షరతు. నెలకు 150 గంటల గ్యారంటీ రాస్తే మీరు 95 నడిపినా 1.35 లక్షలు కట్టాలి. సొంతానికి అదే 95 గంటలకు నెలకు 90 వేల లోపే. షరతు లేకపోతే అద్దె 85,500, అప్పుడు అద్దే చవక. ముందు కొటేషన్‌లో ఆ లైను వెతకండి.

క్రషర్_అకౌంట్స్
ఉంది సార్, 120 గంటలు. 140 మీటర్ రీడింగే. ట్రిప్ షీట్లు తెప్పిస్తున్నాను.

పన్నుల_మూర్తి
ముందా వెనకా అన్నది కూడా డబ్బే శేషు గారూ. చేతిలో నగదు లేని యూనిట్‌కు మొదటి ఏడాదే ముఖ్యం.

నల్గొండ_మెషిన్_ఓనర్
మినిమం లేకుండా ఎవరూ ఇవ్వరు. వర్షాకాలంలో మా ఈఎంఐ ఆగదు కదా.

విజయనగరం_ట్రేడర్
ఐదేళ్లకు 14 లక్షలు ఎవరిస్తారు? మా వైపు అంత పలకదు.