కదలకుండ నేను కదలి వస్తి: ఈ వారం సమస్య

పాలమూరు పద్యం (నిర్వాహకుడు):
ఈ వారం ఆటవెలది. ఇచ్చిన పాదం నాలుగోది, పైమూడు మీవి.

*కదలకుండ నేను కదలి వస్తి*

ఇది ఎట్లా పుట్టిందో చెప్తాను. మా మనవరాలు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తుంది. ఆఫీసులో అందరూ ఫోన్లో కొట్టే మాటలు మూడు: రన్నింగ్ లేట్, రన్నింగ్ బిహైండ్, స్టక్ ఇన్ ట్రాఫిక్. వీటిని తెలుగులో ఏమనాలి తాతా అని అడిగింది. మొదటిదాన్ని మాటకు మాట పెడితే 'ఆలస్యంగా పరుగెత్తుతున్న' అయింది. పరుగెత్తేవాడికి ఆలస్యం ఎందుకవుతుందని ఇద్దరం నవ్వుకున్నం. మరి మనవాళ్లు ఏమంటారని ఆలోచిస్తే, ఇల్లు కదలనివాడు కూడా 'కదిలిన, వస్తున్న' అనే అంటాడని తట్టింది. అదే సమస్య. పూరించేటప్పుడు మీకు తెలిసిన వంకలు కూడా చెప్పండి.

జడ్చర్ల చౌరస్తా:
సార్, సమస్య అంటే నాది చెప్పుకోవచ్చు గదా? నేనూ, ఒక కొలీగూ ఒకే కారులో ఆఫీసుకు పోతం. కారు ఆమెది. పొద్దున ఎనిమిదింబావుకు మా కాలనీ చౌరస్తాల నిలబడతా. ఎనిమిదిన్నరకు ఫోన్ చేస్తే 'వస్తున్న వస్తున్న' అంటది. వెనక కుక్కర్ విజిల్ వినబడుతది. దీనికి పరిష్కారం ఏమన్నా ఉంటే చెప్పండి.

పాలమూరు పద్యం:
అమ్మా, ఇది పద్యాల సమస్య. కానీ మీ సమస్య కూడా పనికొచ్చేట్టే ఉంది. ఆ 'వస్తున్న' రెండుసార్లు అన్నదంటే ఇంకా చెప్పులేసుకోలేదని లెక్క. ఒక్కసారే అంటే నమ్మొచ్చు.

నకిరేకల్ లారీ:
నా పూరణ. సంక్రాంతికి పంతంగి టోల్ కాడ చూసిందే రాసిన.

*టోలు గేటు కాడ డొక్కు కారాగెను*
*ముందు లారి, వెనుక మూడు బండ్లు*
*వేలు కదలె, కారు వీసమైనను లేదు*
*కదలకుండ నేను కదలి వస్తి*

సూర్యాపేట శాస్త్రం:
బాగుంది గానీ ప్రాస లేదు. టోలు, ముందు, వేలు, కదల. రెండో అక్షరాలు కలవాలి. ఇంకోటి, 'వస్తి' అనేది మన యాస. పద్యంలో పనికిరాదు. నిర్వాహకులే తప్పు పాదం ఇస్తే ఎట్లా?

వనపర్తి తాత:
శాస్త్రం గారూ, ప్రాస కందానికి కావాలి, ఉత్పలమాలకు కావాలి. ఆటవెలదికి నియమం లేదు. యతి మాత్రం చూడాలి. 'టో'కు 'డొ' కుదిరింది. 'వే'కు 'వీ' కుదిరింది. ఇక 'వస్తి' యాస అన్నది నిజమే, తప్పన్నది కాదు. వచ్చితిని అన్నది వస్తిని అవుతుంది, అది వస్తి అవుతుంది. పాత పద్యాల్లో ఉన్న రూపమే మన ఊళ్లల్లో నోట నిలిచింది. మా అమ్మ 'నిన్ననే వస్తిని' అనేది, ఆమెకు వ్యాకరణం రాదు.

లారీ గారికి ఒక మాట. జాములో కారు కదలకపోవడం సరిగ్గా దొరికింది. 'వేలు కదలె' అన్నది నాకు చాలా నచ్చింది, ఫోన్లో వేలు ఒక్కటే నడుస్తున్నట్టు కనబడింది. కానీ 'కదలి వస్తి' ఎవరన్నారు, ఎవరితో అన్నారు? మూడు పాదాలూ 'కదలకుండ' వైపే పోయినై. సగం సమస్య అట్లనే ఉంది.

నకిరేకల్ లారీ:
సరే తాతా. గేటు దాటినంక మిగతా సగం రాస్త.

దేవరకొండ పోరడు:
నేను కొత్త. మొదటి పాదం ఇట్లా మొదలుపెట్టిన: 'ట్రాఫిక్‌లో నేను ఇరుక్కుపోయిన అన్నా'. కుదిరిందా?

వనపర్తి తాత:
బిడ్డా, మాట బాగుంది, నడక కుదరలేదు. ఆటవెలది మొదటి పాదంలో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు రావాలి. సూర్యగణం అంటే గురువు వెంట లఘువు, లేదా మూడు లఘువులు. 'ట్రాఫిక్‌లో' అన్నప్పుడు ట్రా గురువు, తర్వాత పొల్లు ఉన్నందుకు 'ఫిక్' కూడా గురువే. మొదటి అడుగులోనే రెండు గురువులు పడ్డై. ఇంగ్లిష్ మాటలతో వచ్చే తంటా ఇదే, చివర పొల్లు వదలదు. దానికి ఒక అచ్చు తగిలించాలి. 'ట్రాఫికందు' అను. ట్రాఫి, కందు. రెండు సూర్యగణాలు చక్కగా విడిపోతై. నాలుగో గణం మొదట 'ట' వస్తే యతి కూడా పడ్తది:

*ట్రాఫికందు నేను టక్కున చిక్కితి*

ఇరుక్కోవడం అంటే చోటు చాలకపోవడం. చిక్కడం అంటే పట్టుబడడం. ఏది ఉంచుకుంటవో నీ ఇష్టం, మీద కూర్చున్న ట్రాఫిక్‌ను బట్టి చూసుకో. మిగతా రెండు పాదాలు నువ్వే రాయాలి.

దేవరకొండ పోరడు:
తాతా, చిక్కితి అంటే నేనేదో దొంగతనం చేసినట్టుంది.

మిర్యాలగూడ బియ్యం:
నాది జాముల కాదు, ఇంట్లనే.

*పక్క మీద పండి పంపితి మెస్సేజి*
*యేడ నున్న వనుచు నెవడొ యడుగ*
*బ్రష్షు నోట నుండ, బండెక్కితి నటంచు*
*కదలకుండ నేను కదలి వస్తి*

పాలమూరు పద్యం:
యతులు నాలుగూ బాగున్నై. 'మెస్సేజి' వెంట 'యేడ' వేసి అచ్చును కూడా కాపాడినవు. బ్రష్షు, బండి యతి చాలా సరదాగా ఉంది. ఒక్క అనుమానం. పక్క మీద పండుకున్నోడికి నోట్లో బ్రష్షు ఎట్లొచ్చింది?

మిర్యాలగూడ బియ్యం:
అన్నా, మా చిన్న తమ్ముడిని చూస్తే ఈ ప్రశ్న అడగవు.

సూర్యాపేట శాస్త్రం:
ఇందులో అబద్ధం ఉంది. 'బండెక్కితి' అన్నది అబద్ధం. 'వస్తున్న' అంటే అబద్ధం కాదు, ఎప్పుడో ఒకప్పుడు వస్తాడు గనుక. మన భాషలో వంకలకు అబద్ధం అవసరమే లేదని నా వాదన. ఇంగ్లిష్‌లో 'ఐ యామ్ రన్నింగ్ లేట్' అన్నోడు తప్పు తన మీద వేసుకున్నట్టే. మనోడు 'లేటయితది' అంటాడు. లేటు దానంతట అదే అవుతుంది, మనిషి ఎక్కడా లేడు.

వనపర్తి తాత:
సగం ఒప్పుకుంటా. 'నేను' మాయమవుతుంది, నిజమే. కానీ తప్పించుకోవడానికే అనలేం. ఆకలయింది, జ్వరమొచ్చింది, నిద్ర పట్టింది అంటాం. అన్నీ మనకు జరిగేవే, మనం చేసేవి కావు. లేటు కూడా అదే వరుసలో కూర్చుంది. ఎదుటివాడి మీదికి పోయినప్పుడు చూడండి, 'లేటు చేసినవ్' అని మనిషిని వెంటనే పట్టుకుంటాం.

నిర్వాహకుల మనవరాలికి నా జవాబు: రన్నింగ్ లేట్‌కు 'కొంచెం లేటయితది' చాలు. రన్నింగ్ బిహైండ్‌ను 'వెనకాల పరుగెత్తుతున్న' అంటే ఎవరో భయపడతారు. దానికి మనకు ఉన్న మాట 'తెమల్లేదు'. మా దిక్కు 'ఇంక పని ఒడువలే' అంటం. చేతిలో ఉన్న పని అయిపోలేదు, అందుకే కదల్లేదు అన్నది ఆ ఒక్క మాటలో వస్తుంది. స్టక్ ఇన్ ట్రాఫిక్‌కు మా కాలంలో ట్రాఫిక్కే లేదు. 'గేటు పడ్డది' అనేవాళ్లం. రైలు గేటు. అది పడ్డదో లేదో ఎవరు పోయి చూస్తారు?

ఇక పరుగు సంగతి. మన దగ్గర పరుగెత్తుతూ ఆలస్యమయ్యేది లేదు గానీ, నడుస్తూ ఆలస్యమయ్యేది ఉంది. రైలు. స్టేషన్‌లో మైకులో 'ఆలస్యంగా నడుస్తోంది' అంటే ఎవరూ నవ్వరు. రైలు నడుస్తుంది, బస్సు నడుస్తుంది, గడియారం నడుస్తుంది. అదే మాట మనిషి అంటే కాలినడకన వస్తున్నట్టు. కాచిగూడ నుంచి వనపర్తి రోడ్ వచ్చేటప్పుడు అనుకున్నది ఇది:

*రైలు నడచె, సీటు రాయిగా పట్టితి*
*గంట లేటు గాని కదల లేదు*
*నడక దానిదాయె, నా రాక నాదాయె*
*కదలకుండ నేను కదలి వస్తి*

పాలమూరు పద్యం:
మూడో పాదంతో ముడి విడిపోయింది తాతా. కదలనిది మీరు, కదిలింది రైలు. 'రాయిగా పట్టితి' మాత్రం కొద్దిగా ఇబ్బంది పెట్టింది. రాయిలాగ కూర్చున్నరా, సీటును రాయి అనుకుని పట్టుకున్నరా?

వనపర్తి తాత:
కూర్చున్ననే. యతి కోసం 'రా' కావాల్సి వచ్చింది. మంచిది దొరికితే మార్చుకుంటా.

జడ్చర్ల చౌరస్తా:
సార్, మీరందరూ గణాలు విడదీస్తుంటే బళ్లో చదివింది గుర్తొచ్చింది. ఈ పొద్దున అరగంట ఖాళీ దొరికింది, ఎందుకు దొరికిందో మీకు తెలుసు. చౌరస్తాల నిలబడే రాసిన. తప్పులుంటే ఏమనుకోకండి.

*నిలచి నిలచి కాళ్లు నీలిగె రోడ్డుపై*
*చూచి చూచి కండ్లు సున్నమాయె*
*నడుగ ఫోను లోన నామె యనెడి మాట*
*కదలకుండ, 'నేను కదలి వస్తి'*

సూర్యాపేట శాస్త్రం:
కండ్లు కాయలు కాస్తాయి గానీ సున్నం కావు. 'చూ'కు యతి కోసం 'సు' తెచ్చారు.

వనపర్తి తాత:
సున్నం పక్కన పెట్టండి, కామా చూడండి. మనం అందరం పాదాన్ని ఒకే మనిషి నోట్లో పెట్టినం. ఈమె 'కదలకుండ'ను పై పాదానికి కలిపింది. ఆమె కదలకుండ అనే మాట ఏమిటంటే, నేను కదలి వస్తి. ఒక్క అక్షరం మారలేదు, ముడి పోయింది. నా రైలు పద్యానికి అంత దూరం పోవాల్సి వచ్చింది.

పాలమూరు పద్యం:
అమ్మా, ఆ కామా తెలిసే పెట్టినరా?

జడ్చర్ల చౌరస్తా:
తెలిసే పెట్టిన సార్, కుక్కర్ విజిల్ పెట్టడానికి గణం చాల్లేదు. పద్యం ఆమెకు కూడా పంపిన. ఇప్పుడే జవాబిచ్చింది: 'వస్తున్న, గేటు పడ్డది'. మా తొవ్వల గేటే లేదు.