తాళాలిచ్చారు. వార్డ్‌రోబ్ పెట్టేముందు బాత్రూమ్ గోడ ఎలా చూసుకోవాలి?

నల్లగండ్ల_కొత్తిల్లు: సోమవారం పని మొదలుపెడతామని ఇంటీరియర్ వాళ్లు తొందరపెడుతున్నారు. వార్డ్‌రోబ్ వచ్చే గోడకి అవతల బాత్రూమ్. స్కర్టింగ్ పైన పెయింట్ బుడగల్లా లేచింది. హాల్లో కొన్ని టైల్స్ కొడితే బోలుగా మోగుతున్నాయి. ముందు ఏది చూడాలి?

పద్మ_మియాపూర్: కిటికీలు చూడండి ముందు! మా ఇంట్లో మొదటి వానకే ఫ్రేమ్ పక్కనుంచి నీళ్లు కారి కొత్త సోఫా పాడైంది. బిల్డర్ మనిషి ఇప్పటికీ ఫోన్ ఎత్తడు.

సైట్_రావు: కిటికీ సంగతి తర్వాత చూద్దామమ్మా. సోమవారం పని ఆపించండి. బాత్రూమ్‌లో నీళ్లు పోయే ట్రాప్ గట్టిగా మూసి, గడప దాటకుండా అంగుళం లోతు నీళ్లు నింపి, మట్టం దగ్గర పెన్సిల్ గీత పెట్టండి. కనీసం 24 గంటలు, వీలైతే 48 ఉంచండి. ఆ గోడతోపాటు కింది ఫ్లాట్ బాత్రూమ్ సీలింగ్ కూడా చూడాలి. తర్వాత నీళ్లు వదిలేటప్పుడు వాటం కూడా తెలిసిపోతుంది, ఎక్కడ మడుగు కడితే అక్కడ లోపం.

కిరణ్_కూకట్‌పల్లి: బోలు టైల్స్ అన్నీ తీయించాల్సిందే. ఒక్కటి కూడా వదలొద్దు.

సైట్_రావు: అన్నీ ఎందుకు? మూల కాస్త మోగితే పర్లేదు. మధ్యలో సగం మేర మోగినా, మంచం కాళ్లు, వార్డ్‌రోబ్ బరువు పడేచోట మోగినా మార్పించండి.

కిరణ్_కూకట్‌పల్లి: బిల్డర్లు చెప్పే మాటే మీరూ చెప్తున్నారు. డబ్బు పెట్టింది మేము.

సైట్_రావు: ఇరవై ఏళ్లుగా ఈ పనిలోనే ఉన్నా. ఒకటి పగలగొడితే పక్కది కదులుతుంది. బ్యాచ్ మారితే షేడ్ కలవదు. ముందు మిగులు టైల్స్ ఉన్నాయో లేదో అడగండి.

శైలజ: గొడవ ఆపండి. రెరా చట్టం సెక్షన్ 14(3) ప్రకారం, స్వాధీనం ఇచ్చిన ఐదేళ్లలోపు పనితనం లోపాలు చెబితే బిల్డర్ 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. కానీ వార్డ్‌రోబ్‌కి డ్రిల్లింగ్ అయ్యాక మీ వాళ్లే పైపు పగలగొట్టారంటారు. ఈలోపే ఫొటోలతో ఈమెయిల్ పెట్టండి.

నల్లగండ్ల_కొత్తిల్లు: నీళ్లు నింపాం. మర్నాటికి మట్టం గీత కింద వేలి మందం దిగింది. కింది సీలింగ్ పొడిగానే ఉంది.

సైట్_రావు: ట్రాప్ మూత కారుతుందేమో, సరిగా బిగించి మళ్లీ పెట్టండి. బుడగల మీద ప్లాస్టిక్ షీట్ నాలుగువైపులా టేప్‌తో అంటించండి. ఒక రోజుకి లోపలివైపు చెమ్మ పడితే గోడ నుంచే వస్తోంది. అప్పుడు షవర్ లైన్‌కి ప్రెషర్ టెస్ట్ అడగండి. నేల మీద నింపిన నీళ్లతో ఆ పైపు లోపం బయటపడదు.

కిరణ్_కూకట్‌పల్లి: పుట్టీ ఆరకముందే పెయింట్ వేసినా బుడగలొస్తాయి కదా?

సైట్_రావు: వస్తాయి. అందుకే షీట్ పెట్టమన్నది. కాకపోతే అలా మిగిలిన తడి కూడా లోపలివైపే కనపడుతుంది. గోకి ఆరనిచ్చి మళ్లీ షీట్ పెట్టాలి, మళ్లీ చెమ్మ వస్తే పైపుని అనుమానించండి.

నల్లగండ్ల_కొత్తిల్లు: షీట్ ఇప్పుడే అంటించాం. ప్రెషర్ టెస్ట్ కోసం బిల్డర్‌కి మెయిల్ కూడా పెట్టాను. ఇంటీరియర్ వాళ్లు మాత్రం అడ్వాన్స్ తిరిగి ఇచ్చేది లేదంటున్నారు.