అప్‌డేట్: క్యాప్షన్ చెక్‌లిస్ట్ పెట్టాక

నా ప్రశ్న: నల్గొండలో మా చీరల షాపు పోస్టుల్లో తప్పులు వస్తున్నాయి, ఎలా ఆపాలి?

నెలైంది. ఇప్పుడు రాసినవాళ్లు కాక ఇంకొకరు సమాచారం, తేదీ, ట్యాగ్, చట్టం మాటలు చూస్తారు.

మొన్న "పోచంపల్లి ఇక్కత్, ఆదివారం వరకే తగ్గింపు" అని రాశారు. తమ్ముడు చీర తిరగేసి చూస్తే వెనకవైపు డిజైన్ వెలిసినట్టుంది, అంటే ప్రింట్! ఇక్కత్‌లో నేయకముందే నూలుకు రంగు అద్దుతారు కాబట్టి డిజైన్ రెండువైపులా కనిపిస్తుంది. పోచంపల్లి ఇక్కత్‌కు జీఐ గుర్తింపు ఉంది, అంటే ఆ ప్రాంతపు అసలు సరుకుకే ఆ పేరు వాడాలి, ప్రింటుకు ఆ పేరు పెడితే చట్టంతో చిక్కే. "ఇక్కత్ డిజైన్ ప్రింట్" అని మార్చాం. ఏ ఆదివారమో తేదీతో సహా రాశాం.

ట్యాగులే ఇంకా తప్పుతున్నాయి. పేరు కొట్టగానే మొదట వచ్చిందే నొక్కేస్తున్నారు. అందుకే ప్రొఫైల్ తెరిచి చూశాకే టిక్ పెట్టమన్నాను.