జుట్టు అంచుల్లో పచ్చ ఛాయ ఎలా తీయాలి?

అక్క ఫోటోలో వెనకున్న పచ్చ కర్టెన్ తీసేస్తున్నాను. మామూలు సెలక్షన్‌తో కత్తిరిస్తే గాలికి లేచిన వెంట్రుకలన్నీ పోయి, తలకి హెల్మెట్ పెట్టినట్టు వచ్చింది. పిక్సెల్‌ని ఉంచడం, తీసేయడం తప్ప దానికి మధ్య దారి లేదు కదా.

తర్వాత ఏది ఉంచాలో, ఏది తీసేయాలో, ఏది లెక్కగట్టి తేల్చాలో మూడు రంగుల్లో చూపే ట్రైమాప్ గీశాను. ముఖం, ఒళ్లు తెలుపు, కర్టెన్ నలుపు, జుట్టు చివర్ల చుట్టూ 40 పిక్సెళ్ల బూడిదరంగు పట్టీ. ఆ పట్టీలో మాత్రం ఒక్కో పిక్సెల్‌లో జుట్టు వాటా, అంటే ఆల్ఫా, ఎంతో సాఫ్ట్‌వేర్ లెక్కగట్టింది, సన్న పోగులూ దక్కాయి. కానీ తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద పెడితే పోగులకి పచ్చ ఛాయ! ఆల్ఫా 0.4 ఉన్నచోట కూడా కర్టెన్‌తో కలిసిన పాత రంగే మిగిలిందనుకుంటా.

పట్టీ వెడల్పు మారిస్తే పోతుందా, జుట్టు అసలు రంగుని విడిగా అంచనా కట్టించాలా? పట్టీ పెంచితే చెవి కమ్మ కూడా మసకబారింది. చేసినవాళ్లు కాస్త చెప్పండి.